పాత మెయిల్స్ క్లియర్ చేసిన వారమే నా సగటు జవాబు సమయం మూడింతలైంది, లెక్క ఎక్కడ తప్పింది?

మెయిలుమోత
అందరికీ నమస్కారం. ఎనిమిది వారాలుగా నా ఆఫీసు ఇన్‌బాక్స్ ఆరోగ్యం ఎలా ఉందో ఒక షీట్‌లో రాసుకుంటున్నాను. రోజంతా మెయిల్స్‌తోనే సరిపోతోంది, అయినా ఎవరో ఒకరు "నా మెయిల్ చూశారా" అని అడుగుతూనే ఉంటారు. అందుకని మనసుకి అనిపించేదాన్ని నమ్మకుండా అంకెల్లో చూద్దామని మొదలుపెట్టాను. మూడే కాలమ్స్: ఆ వారం నేనిచ్చిన జవాబుల సగటు సమయం, సోమవారం పొద్దున అన్‌రీడ్ ఎన్ని, ఎవరి నుంచి ఎన్ని వచ్చాయి.

అన్‌రీడ్ 640తో మొదలై 610, 580, 590, 520 మీదుగా ఆరో వారం అయ్యేసరికి 300కి దిగింది, తర్వాత 240, ఇప్పుడు 210. ఇది చూసి సంబరపడ్డాను. కానీ జవాబు సమయం గంటల్లో ఇలా ఉంది: 19, 18, 20, 18, 17, 49, 33, 19. ఆ 49 వచ్చిన ఆరో వారంలోనే నేను రెండు సాయంత్రాలు కూర్చుని, ఎప్పట్నుంచో పక్కన పెట్టిన మెయిల్స్‌కి జవాబులిచ్చాను. అంటే బాగా పనిచేసిన వారమే షీట్‌లో అన్నిటికంటే ఘోరంగా కనిపిస్తోంది. ఫార్ములా రెండుసార్లు చూశాను, తప్పేం లేదు. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను?

కాంతి_కె
మాకూ ఇదే సమస్య వచ్చిందండీ. SPF, DKIM సరిగ్గా పెట్టుకుని, నెమ్మదిగా రోజుకి కొన్ని చొప్పున పంపుతూ పోతే రెండు మూడు వారాల్లో మళ్ళీ ఇన్‌బాక్స్‌లో పడటం మొదలైంది. మీరు రోజుకి ఎన్ని పంపుతున్నారు?

మెయిలుమోత
కాంతి గారూ, నేను పంపేవాటి గురించి కాదండీ. నాకు వచ్చేవాటికి నేను ఎంత త్వరగా జవాబిస్తున్నాను, ఎన్ని పేరుకున్నాయి అన్నది.

కాంతి_కె
అయ్యో, "ఇన్‌బాక్స్ ఆరోగ్యం" అనగానే మా న్యూస్‌లెటర్ గోలే గుర్తొచ్చింది. మా దగ్గర ఆ మాటకి అర్థం మనం పంపినవి స్పామ్‌లోకి పోతున్నాయా లేదా అనే. సరే, చదువుతూ ఉంటాను.

జీరో_ఇన్‌బాక్స్
బ్రో, సింపుల్. సగటు కాదు, మీడియన్ తీసుకో. పాతవాటికి ఇచ్చిన నాలుగైదు జవాబులు సగటుని లాగేస్తున్నాయి, మీడియన్‌కి ఆ గొడవ ఉండదు. ఇంకా తేలిక కావాలంటే జవాబు సమయాలన్నీ వదిలేసి అన్‌రీడ్ ఒక్కటే చూడు. అన్‌రీడ్ సున్నా అయితే ఇన్‌బాక్స్ బాగున్నట్టు, లేదంటే లేనట్టు. నేను మూడేళ్ళుగా రోజూ సున్నా చేసి పడుకుంటున్నా.

పాతలెక్క
మీడియన్ మాట నిజమే, కానీ సగమే నిజం. ముందు ఆ 49 ఎలా వచ్చిందో చూద్దాం. మెయిలుమోత గారూ, ఆరో వారం మొత్తం ఎన్ని జవాబులిచ్చారు, అందులో పాతవి ఎన్ని?

మెయిలుమోత
మొత్తం 58. అందులో 50 మామూలువి, 8 పాతవి. ఆ ఎనిమిదీ సగటున పది రోజులవి. ఒక్కోదానికి అరగంట పైనే పట్టింది, అందుకే పక్కన పెట్టాను మరి.

పాతలెక్క
చూడండి. 50 మామూలు జవాబులు సగటున 18 గంటలు అనుకుంటే 900 గంటలు. 8 పాతవి పది రోజుల చొప్పున, అంటే 240 గంటల చొప్పున, 1920 గంటలు. మొత్తం 2820ని 58తో భాగిస్తే 48.6. మీ 49 ఇదే. ఫార్ములా తప్పు కాదు, ప్రశ్నే తప్పు. మీ షీట్ "ఈ వారం నేను జవాబిచ్చినవి ఎంత పాతవి" అని కొలుస్తోంది. మీకు కావలసింది "ఈ వారం నాకు రాసినవాళ్ళు ఎంతసేపు ఆగాల్సి వచ్చింది" అన్నది.

ఈ రెండింటి తేడా ఎక్కడ బయటపడుతుందంటే, జవాబివ్వని మెయిల్ మొదటి లెక్కలో అసలు కనబడదు. దాన్ని అలాగే వదిలేసినంత కాలం మీ సగటు చక్కగా ఉంటుంది, జవాబిచ్చిన రోజున మాత్రం దెబ్బ కొడుతుంది. అంటే పాతవాటిని ఎప్పటికీ ముట్టుకోని మనిషి ఈ షీట్‌లో అందరికంటే చురుగ్గా కనిపిస్తాడు. మీడియన్ తీసుకున్నా ఈ లోపం పోదు, కాస్త దాక్కుంటుంది అంతే.

కాబట్టి వారాన్ని జవాబు తేదీతో కాకుండా మెయిల్ వచ్చిన తేదీతో కట్టండి. మూడో వారం వచ్చినవాటిలో జవాబు అవసరమైనవి ఎన్ని, వాటిలో 24 గంటల్లోపు ఎన్నిటికి ఇచ్చారు, 7 రోజుల్లోపు ఎన్నిటికి, ఇంకా ఇవ్వనివి ఎన్ని. వారం ముగిశాక ఇంకో 7 రోజులు ఆగి గానీ ఆ వరుసకి అంకె వేయొద్దు, లేకపోతే తాజా వారం ఎప్పుడూ చెడ్డగానే కనిపిస్తుంది, ఎందుకంటే శుక్రవారం వచ్చినవాటికి ఇంకా టైమే అవలేదు కదా.

మెయిలుమోత
రాత్రి కూర్చుని మూడు, ఆరు వారాలకి మళ్ళీ లెక్కేశాను. జవాబు అవసరమైనవి అంటే నోటిఫికేషన్లు, నన్ను ఊరికే సీసీలో పెట్టినవి తీసేసినవి.

మూడో వారం: వచ్చినవి 54. 24 గంటల్లో 31 (57 శాతం). ఏడు రోజుల్లో 43 (80 శాతం). మిగిలిపోయినవి 11.
ఆరో వారం: వచ్చినవి 52. 24 గంటల్లో 36 (69 శాతం). ఏడు రోజుల్లో 47 (90 శాతం). మిగిలిపోయినవి 5.

ఘోరం అనుకున్న వారం నిజానికి మెరుగ్గా ఉంది! ఇంకో తమాషా ఏంటంటే, రెండు వారాల్లోనూ ఏడు రోజుల్లోపు జవాబిచ్చినవాటి సగటు తీస్తే రెండూ 18 గంటల దగ్గరే వచ్చాయి. అంత తేడా ఉన్న రెండు వారాలు సగటులో ఒకేలా కనిపిస్తున్నాయి.

పాతలెక్క
అదే మరి. ఆ 11కి, 5కి మధ్య తేడా సగటుకి తెలియదు, అవి దాని లెక్కలోనే లేవు. మీడియన్ కావాలంటే ఇలా తీయండి: 54నీ వరుసలో నిలబెట్టండి, జవాబు రానివాటిని అన్నిటికంటే చివర పెట్టండి, వాటికి అంకె అక్కర్లేదు. మధ్యలో ఉన్నది 27, 28 స్థానాల్లో పడుతుంది. సగానికి పైగా వాటికి జవాబు ఇచ్చి ఉంటే ఆ మధ్య అంకె మీకు దొరుకుతుంది, చివరివాటికి ఎప్పుడిస్తారో తెలియకపోయినా అది మారదు. సగటుకి ఈ సుఖం లేదు.

మెయిలుమోత
తీశాను. మూడో వారం 14 గంటలు, ఆరో వారం 6. ఇప్పుడు అర్థమైంది.

జీరో_ఇన్‌బాక్స్
అంటే మీడియన్ అన్నది నేనే కదా ముందు 😄

పాతలెక్క
మీరే, కాదనను. కానీ మీరు జవాబిచ్చినవాటి మీడియన్ అన్నారు, ఇది వచ్చినవాటన్నిటి మీడియన్. ఇక అన్‌రీడ్ సున్నా సంగతికి వస్తే, మీరు రాత్రి సున్నా చేస్తారు సరే, అందులో చదివేసి జవాబివ్వకుండా వదిలినవి ఎన్నో చెప్పగలరా?

జీరో_ఇన్‌బాక్స్
చదివితే గుర్తుంటుంది కదా నాకు.

శేషు_నైట్‌డ్యూటీ
గుర్తుండదు బ్రో 😂 మా టీమ్‌లో ఒకాయన ఇలాగే ఫోన్‌లో అన్నీ తెరిచి సున్నా చేసేవాడు. ఫోన్‌లో తెరిస్తే రీడ్ అయిపోతుంది, డెస్క్ దగ్గరికి వచ్చేసరికి బోల్డ్ అక్షరాలు పోతాయి, మెయిల్ కిందికి జారిపోతుంది, అంతే సంగతులు. నేనైతే చదివాక పని మిగిలితే మళ్ళీ అన్‌రీడ్ చేసి పెడతాను. అంటే నా అన్‌రీడ్ 40 అంటే 40 పనులు, ఆయన అన్‌రీడ్ సున్నా అంటే ఏమీ కాదు. ఒకే అంకె, రెండు అర్థాలు.

వానకోకిల
అన్‌రీడ్ మీద నా బాధ కూడా వినండి. నేనూ ఇలాగే ప్రతి వారం లెక్క తీద్దామని పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను, IMAPతో కనెక్ట్ అయి అన్‌రీడ్ ఉన్నవాటి పంపినవారి పేరు, తేదీ తెచ్చుకోవాలి. హెడర్స్ మాత్రమే చాలని అప్పుడు తెలియదు, `RFC822` అని మొత్తం మెయిల్ లాగాను. మొదటిసారి 1,130 అన్‌రీడ్ అని చక్కగా చూపించింది. మురిసిపోయి ఇంకోసారి నడిపాను. సున్నా! అలా లాగితే సర్వర్ ప్రతి మెయిల్‌నీ చదివినట్టు గుర్తు పెట్టేస్తుందట. ఏది చదివానో ఏది చదవలేదో చెప్పే దారి లేదు, వెనక్కి తిప్పడం కుదరదు. రెండు రోజులు బిక్కముఖం వేసుకుని స్క్రోల్ చేస్తూ కూర్చున్నాను.

పాతలెక్క
ఇది చాలామందికి జరిగేదే. మెయిల్‌బాక్స్‌ని చదవడానికి మాత్రమే తెరవండి, పొరపాటున ఏం లాగినా గుర్తులు మారవు. ఇక్కడ `M` అంటే మీ స్క్రిప్ట్‌లోని IMAP కనెక్షన్:

```python
M.select("INBOX", readonly=True)
t, d = M.search(None, "UNSEEN", "BEFORE", "01-Sep-2025")
print(len(d[0].split()))
```

తెరవకుండా హెడర్స్ కావాలంటే `BODY.PEEK[HEADER]` అని అడగాలి, ఆ `PEEK` లేకపోతే వానకోకిల గారి కథే.

పై కోడ్‌లో `BEFORE` ఎందుకు పెట్టానంటే, అన్‌రీడ్‌ని ఒకే అంకెగా చూడటం కంటే వయసుతో విడగొట్టి చూడటం మేలు. వారంలోపువి, వారం నుంచి నెల, నెల దాటినవి. 210లో 180 ఈ వారానివే అయితే అది ప్రవాహం, రేపటికి పోతుంది. 180 నెల దాటినవైతే అవి ఇక మీరు చదవరు, వాటిని రోజూ లెక్కపెట్టుకుని టెన్షన్ పడటం దేనికి.

ఇంకోటి. అన్‌రీడ్ అనేది ఈ క్షణంలో ఉన్న స్థితి, దానికి చరిత్ర లేదు. పోయిన నెల మూడో సోమవారం ఎన్ని ఉన్నాయో ఇప్పుడు ఏ సర్వర్‌నీ అడిగి తెలుసుకోలేరు. జవాబు సమయం అలా కాదు, పాత మెయిల్స్‌లో తేదీలున్నాయి కాబట్టి ఏడాది వెనక్కి వెళ్ళి కూడా లెక్కేయొచ్చు. కాబట్టి అన్‌రీడ్‌ని మాత్రం ప్రతి వారం ఒకే రోజు, ఒకే టైముకి రాసిపెట్టుకోవాల్సిందే, మెయిలుమోత గారు సోమవారం పొద్దున అన్నది సరైన పద్ధతి.

మెయిలుమోత
అయితే నా 520 నుంచి 300? అది నిజమైన మెరుగుదలేనా? ఆ వారమే ఒక ఫిల్టర్ కూడా పెట్టాను, ప్రాజెక్ట్ టూల్ నుంచి వచ్చేవి వేరే ఫోల్డర్‌లోకి వెళ్ళేలా. పాతవాటికి కూడా వర్తింపజేయి అని టిక్ పెట్టాను.

పాతలెక్క
ఆ ఫోల్డర్‌లో ఇప్పుడు, ఆ తేదీకి ముందువి, అన్‌రీడ్ ఎన్ని ఉన్నాయి?

మెయిలుమోత
...150.

పాతలెక్క
అయితే 220 తగ్గుదలలో 150 కేవలం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారాయి. మీరు నిజంగా తగ్గించింది 70. ఫిల్టర్ పెట్టడం తప్పు కాదు, మంచిదే. కానీ షీట్‌లో ఆ వారం పక్కన "ఫిల్టర్ పెట్టాను" అని ఒక మాట రాయండి, లేకపోతే ఆరు నెలల తర్వాత ఆ గ్రాఫ్ చూసి అప్పుడేదో గొప్ప పని చేశాననుకుంటారు.

మెయిలుమోత
సంబరం కాస్తా నీరుగారిపోయింది గానీ, నిజం తెలిసింది 🙂

సరే, మూడో కాలమ్, ఎవరి నుంచి ఎన్ని. ఇందులో నాకు అర్థం కానిది ఒకటుంది. నాలుగో వారం వరకు మొత్తం వారానికి 180 దాకా వచ్చేవి, ఐదో వారం 205 అయ్యాయి. లిస్ట్‌లో పైన మా టీమ్‌లో ఒకావిడ పేరు, 34 మెయిల్స్. ఆవిడని అడిగితే "నేను నీకు వారానికి రెండు రాస్తే గొప్ప" అంది. చూడబోతే నిజమే అనిపిస్తోంది.

శేషు_నైట్‌డ్యూటీ
పేరుతో లెక్కపెట్టారా, అడ్రస్‌తోనా? ఈ టూల్స్ ఉన్నాయి చూశారూ, ఎవరు కామెంట్ పెడితే వాళ్ళ పేరే పంపినవారి పేరుగా వేస్తాయి, వెనక అడ్రస్ మాత్రం టూల్‌దే.

మెయిలుమోత
పేరుతోనే. అడ్రస్‌తో మార్చి చూస్తే ఆవిడ 2కి పడిపోయింది. కానీ ఇప్పుడు ఇంకో వింత, ఒక్కో మెయిల్ మాత్రమే పంపిన అడ్రస్‌లు అరవై పైన వచ్చాయి, అన్నీ `reply+` అని మొదలై తర్వాత ఏవో అక్షరాలు.

పాతలెక్క
మీరు ఏ టాస్క్‌కి జవాబిస్తున్నారో గుర్తుపట్టడానికి ఆ టూల్ ప్రతి టాస్క్‌కీ కొత్త అడ్రస్ పుట్టిస్తుంది. మనుషులని పూర్తి అడ్రస్‌తో, యంత్రాలని `@` తర్వాత భాగంతో కలపండి. ఏది యంత్రం అన్నది ఎలా తెలుస్తుందంటే, `List-Id` గానీ `List-Unsubscribe` గానీ `Auto-Submitted` గానీ ఉంటే దాదాపు యంత్రమే. `Auto-Submitted`లో `no` అని ఉంటే మాత్రం మనిషి కిందే లెక్క. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి రోజుకి 5,000 పైన పంపేవాళ్ళు తమ ప్రచార మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే ఏర్పాటు పెట్టాలనే నియమం వచ్చాక ఈ గుర్తు ఇంకా ఎక్కువగా కనిపిస్తోంది. అయినా కొన్ని టూల్స్ ఇవేవీ పెట్టవు, వాటిని చేత్తో చేర్చుకోవాల్సిందే.

కాంతి_కె
ఆ నియమం మాకు బాగా తెలుసండీ, దానికోసమే ఒక నెలంతా తిప్పలు పడ్డాం 😅

మెయిలుమోత
కలిపాక బొమ్మ మొత్తం మారిపోయింది. ఐదో వారం 205లో ఆ ఒక్క టూల్ నుంచే 71. మూడో వారంలో అదే 46. అంటే పెరిగిన 25 మెయిల్స్ పూర్తిగా దానివే, కొత్త ప్రాజెక్ట్‌లో నన్ను చేర్చినప్పుడు నోటిఫికేషన్లు వాటంతటవే ఆన్ అయ్యాయి. మనుషుల నుంచి వచ్చేవి ఎనిమిది వారాలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. నేనేమో మనుషులందరూ ఎక్కువ రాస్తున్నారని విసుక్కుంటూ కూర్చున్నాను.

పాతలెక్క
ఇక ఎన్ని వచ్చాయి అన్నదాని పక్కనే వాటిలో ఎన్నిటికి జవాబిచ్చాను అని ఇంకో అంకె పెట్టండి, ఎనిమిది వారాలకీ కలిపి. ఒక్క వారం చూస్తే మోసపోతారు, ఎందుకంటే నెలకోసారి ఒకేసారి ఇరవై పంపేవాళ్ళు ఉంటారు. ఎనిమిది వారాల్లో ఐదు వందలు పంపి ఒక్క జవాబూ తీసుకోని టూల్ ఫిల్టర్‌కి పోవాలి. వారానికి రెండే పంపి, రెండిటికీ జవాబు కావలసి, ఆరేసి రోజులు ఆగే మనిషి ఎవరైనా ఉన్నారా చూడండి. వాల్యూమ్ లిస్ట్‌లో ఆ మనిషి ఎక్కడో అడుగున ఉంటాడు.

వానకోకిల
పాతలెక్క గారూ, జవాబుని ఏ మెయిల్‌కి ఇచ్చామో స్క్రిప్ట్ ఎలా తెలుసుకుంటుంది? సబ్జెక్ట్‌తో కలపడమేనా?

పాతలెక్క
సబ్జెక్ట్‌తో వద్దు, ఒకే సబ్జెక్ట్‌తో పది వస్తాయి. ప్రతి మెయిల్‌కీ `Message-ID` ఉంటుంది, మీరు రిప్లై నొక్కితే ఆ ఐడీ మీ జవాబులో `In-Reply-To` కింద చేరుతుంది. జీమెయిల్ అయితే గూగుల్ టేకౌట్ నుంచి mbox ఫైల్ దింపుకుని ఇలా:

```python
import mailbox
ME = "me@example.com"
came, sent = {}, []
for m in mailbox.mbox("all.mbox"):
    if ME in str(m["From"]).lower():
        sent.append((str(m["In-Reply-To"]).strip(), m["Date"]))
    else:
        came[str(m["Message-ID"]).strip()] = m["Date"]
for ref, when in sent:
    if ref in came:
        print(came[ref], "|", when)
```

దింపిన ఫైల్ మీద పని కాబట్టి అన్‌రీడ్ గుర్తులకి ఏ ప్రమాదమూ లేదు. ఒకే మెయిల్‌కి రెండు జవాబులిస్తే మొదటిదే తీసుకోండి. `Date` అనేది పంపినవాడి కంప్యూటర్ గడియారం, అది తప్పుంటే ఎప్పుడో ఒక మైనస్ గంట వస్తుంది, కంగారు పడొద్దు.

శేషు_నైట్‌డ్యూటీ
ఈ పద్ధతిలో మేం పడ్డ గుంట ఒకటి చెప్తా. మాది నలుగురు చూసే షేర్డ్ మెయిల్‌బాక్స్. రిపోర్ట్‌లో ఒక కస్టమర్‌కి 15 నిమిషాల్లో జవాబిచ్చామని ఉంది, ఆయనేమో కోపంగా ఫోన్ చేశాడు. తీరా చూస్తే ఆయన సోమవారం 10:12కి రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. గురువారం 16:05కి "గుర్తు చేస్తున్నాను" అని ఇంకోటి పంపాడు. మావాడు ఆ రెండోదాని మీద రిప్లై నొక్కి 16:20కి పంపాడు. స్క్రిప్ట్‌కి అది 15 నిమిషాలు. ఆయనకి 78 గంటలు. అంటే కస్టమర్ ఎంత విసిగి గుర్తుచేస్తే మేం అంత చురుగ్గా కనిపిస్తాం 🤦

పాతలెక్క
శేషు గారు చెప్పింది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైనది, నా పై కోడ్‌లో ఆ లోపం ఉంది. సరిచేయాలంటే `References` పట్టుకుని మొత్తం సంభాషణని కలపాలి, ఆ మనిషి రాసినవాటిలో మన చివరి జవాబు తర్వాత వచ్చిన మొదటి మెయిల్ నుంచి గడియారం నడపాలి.

మెయిలుమోత
నాకు ఇంకో తేడా వస్తోంది. జవాబివ్వాల్సినవాటికి స్టార్ పెడతాను, ఇచ్చాక తీసేస్తాను. ఏడో వారం మొదట్లో స్టార్ ఉన్నవి 41, ఆ వారం వచ్చినవి 53, స్క్రిప్ట్ ప్రకారం జవాబిచ్చినవి 49, అక్కర్లేదని స్టార్ తీసేసినవి 6. 41కి 53 కలిపి, 49, 6 తీసేస్తే 39 మిగలాలి. చూస్తే 30 ఉన్నాయి. ఆ తొమ్మిది ఏమయ్యాయి?

పాతలెక్క
ఇలా సరిచూసుకోవడం మంచి అలవాటు, నేను అడగబోతున్నది మీరే చేశారు. తొమ్మిదీ చేత్తో వెతకండి, ఎక్కువ కాదుగా.

మెయిలుమోత
వెతికాను. ఐదింటికి రిప్లై నొక్కకుండా కొత్త మెయిల్‌గా రాశాను, అందుకే ఐడీ కలవలేదు. మూడింటికి ఫోన్‌లోంచి నా రెండో అడ్రస్‌తో వెళ్ళాయి. ఒకటి కాల్‌లో మాట్లాడేసుకున్నాం. రెండో అడ్రస్‌ని కోడ్‌లో చేర్చాను, కొత్త మెయిల్‌గా రాయడం మానేస్తాను. కాల్ సంగతికి ఏం చేయాలో తెలియదు.

జీరో_ఇన్‌బాక్స్
ఓకే, నేనూ నిన్న రాత్రి ఆ కోడ్ నడిపా. పోయిన నెల వచ్చినవాటిలో నాకే స్వయంగా రాసి, నేను చదివి, జవాబివ్వనివి 23. అన్‌రీడ్ మాత్రం సున్నా 😐 అయితే నా మీడియన్ 2 సెకన్లు వచ్చింది, అదెలా?

పాతలెక్క
సెలవులో ఉన్నప్పుడు ఆటో రిప్లై పెట్టారా?

జీరో_ఇన్‌బాక్స్
ఓహ్. రెండు వారాలు.

పాతలెక్క
మీరు పంపినవాటిలో `Auto-Submitted: auto-replied` ఉన్నవి తీసేయండి.

జీరో_ఇన్‌బాక్స్
తీసేస్తే 11 గంటలు. రెండు సెకన్లే బాగుండేది.

శేషు_నైట్‌డ్యూటీ
మా దగ్గర మనుషులే ఆటో రిప్లైలా తయారయ్యారు. మేనేజర్ మొదటి జవాబు సమయాన్ని గోడ మీద స్క్రీన్‌లో పెట్టాడు. రెండో వారానికి అందరూ "అందింది, చూసి చెప్తాం" అని పంపడం మొదలుపెట్టారు. మీడియన్ నాలుగు గంటల నుంచి పది నిమిషాలకి పడింది, "ఏమైంది" అని అడిగే మెయిల్స్ మాత్రం పెరిగాయి. ఇప్పుడు ఒకే సంభాషణలో కస్టమర్ ఎన్నిసార్లు రాయాల్సి వచ్చిందో కూడా పక్కన పెట్టమని నేను గొడవ చేస్తున్నా, ఇంకా ఒప్పుకోలేదు.

వానకోకిల
శనివారం, ఆదివారం గంటలు లెక్కలోకి తీసుకోవాలా? శుక్రవారం సాయంత్రం వచ్చినదానికి సోమవారం పొద్దున ఇస్తే 60 గంటలు అని చూపిస్తోంది, అన్యాయం కాదా?

జీరో_ఇన్‌బాక్స్
తీసేయాలి, ఖచ్చితంగా. ఆఫీసు గంటలు మాత్రమే.

శేషు_నైట్‌డ్యూటీ
నాకు నైట్ డ్యూటీ, నా ఆఫీసు గంటలేవి మరి? పైగా ఆగేవాడికి అరవై గంటలు అరవై గంటలే.

పాతలెక్క
నేను తీయను. శుక్రవారం సాయంత్రం నుంచి వచ్చినవాటిని వేరే వరుసలో పెట్టి, మిగతా వారంతో కలపకుండా చూస్తాను. ఆఫీసు గంటల లెక్కకి సెలవుల జాబితా, టైమ్ జోన్లు అన్నీ కావాలి, ఒక మనిషి షీట్‌కి అంత అవసరమా అని నా అనుమానం. ఆఫీసు గంటలే సరైనవనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటా కొట్టిపారేయలేం.

మెయిలుమోత
నేను రెండు రకాలుగానూ తీసి చూస్తాను. ఈలోపు ఒక సంగతి. ఆరో వారంలో జవాబు లేకుండా మిగిలిన ఆ 5 మెయిల్స్ ఎవరివో చూశాను. రెండు ఒకే మనిషివి. వాల్యూమ్ లిస్ట్‌లో ఆయన 31వ స్థానంలో ఉన్నాడు, వారానికి రెండు మూడు. మూడో వారంలో మిగిలిన 11లో కూడా మూడు ఆయనవే. ఒక్కో మెయిల్‌లో మూడు నాలుగు ప్రశ్నలు ఉంటాయి, ఒకటి నాకు తెలుస్తుంది, రెండోదానికి ఇంకెవరినో అడగాలి, మూడోది చదివేసరికి ఇది రేపు చూద్దాం అని పక్కన పెడతాను. అలా పది రోజులు.

వానకోకిల
తెలిసిన ఒక్క ప్రశ్నకి ముందు జవాబిచ్చేయొచ్చుగా?

శేషు_నైట్‌డ్యూటీ
అప్పుడు స్క్రిప్ట్ దాన్ని జవాబిచ్చినట్టు లెక్కేస్తుంది, మిగతా రెండు ప్రశ్నలు మాయం. మా "అందింది, చూసి చెప్తాం" లాంటిదే అవుతుంది.

మెయిలుమోత
అదే నా భయం. స్టార్ తీయకుండా ఉంచితే 41, 53 లెక్క మళ్ళీ కలవదు. పాతలెక్క గారూ, దీనికి ఏదైనా దారి ఉందా?

పాతలెక్క
షీట్‌లో లేదు. మెయిల్‌లో ఎన్ని ప్రశ్నలున్నాయో ఏ హెడరూ చెప్పదు. ఆయనకి ఫోన్ చేసి, ఒక్కో ప్రశ్నకి ఒక్కో మెయిల్ రాయమని అడగండి. ఒప్పుకుంటే వాల్యూమ్ లిస్ట్‌లో ఆయన పైకి వస్తాడు, అప్పుడు మళ్ళీ ఇక్కడికి వచ్చి ఆయన మెయిల్స్ ఎందుకు పెరిగాయని అడగొద్దు 🙂

మెయిలుమోత
హహ, ఆ వారం పక్కన రాసిపెట్టుకుంటాను. రేపు ఫోన్ చేస్తున్నా.